చవక క్లిక్కు, ఖరీదైన బేరం

ఇదివరకు అంగడి పెట్టినవాడు గుమ్మం మీద బోర్డు కట్టి, పండుగనాడు నాలుగు వీధులలో టముకు వేయించి, ఇక భారం దేవుడి మీద వేసి కూర్చునేవాడు. టముకు కొట్టేవాడికి ఎంత ఇచ్చాడో తెలిసేది గాని, అది విని ఎందరు వచ్చారో, వచ్చినవారిలో ఎందరు కొన్నారో చెప్పగలవాడు లేడు. ఇవాళ ఇంటి వసారాలో నాలుగు చీరలు పెట్టుకుని అమ్మే ఇల్లాలికి కూడా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు పైసలతో సహా లెక్క అప్పజెబుతున్నాయి: ఇంత ఖర్చయింది, ఇన్ని ఫలితాలు వచ్చాయి, ఒక్కొక్క ఫలితానికి ఇంత పడింది అని. ఆ లెక్క తప్పు కాదు. అయితే ‘ఫలితం’ అన్న మాటకు అక్కడ అర్థం ఏమిటన్నదే అసలు చిక్కు. ఆ అర్థాన్ని నిర్ణయించేది, ప్రకటన వేసే మొదటి నిమిషంలో మనం నొక్కే ఒకే ఒక మీట.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ మెటా కంపెనీవే. దాని యాడ్స్ మేనేజర్‌లో కొత్త ప్రకటన మొదలుపెట్టగానే, ‘ఈ ప్రకటన వలన నీకు ఏమి కావాలి?’ అన్నట్లుగా ఆరు పేర్లు కనిపిస్తాయి. అవి Awareness, Traffic, Engagement, Leads, App promotion, Sales. ఇంటిపట్టున వ్యాపారం చేసుకునేవారికి ఎక్కువగా పనికివచ్చేవి వీటిలో మూడు. Traffic అంటే మన వెబ్ పేజీకి మనుషులను పంపడం. Leads అంటే చిన్న ఫారం చూపించి, పేరూ ఫోన్ నంబరూ పుచ్చుకోవడం. వాట్సాప్‌లోనో మెసెంజర్‌లోనో మనకు కబురు పెట్టించడం మూడవది. లోగడ దీనికి విడిగా ఒక పేరుండేది. ఇప్పుడు అది Engagement లోపల ఇమిడిపోయింది. అక్కడికి వెళ్ళి, జనం మనతో మాట్లాడవలసిన చోటు వాట్సాప్ అని చెప్పాలి. ఒకసారి ప్రకటన బయటికి వెళ్ళిన తరువాత బొమ్మ మార్చవచ్చు, రోజు ఖర్చు మార్చవచ్చు. ఈ ఎంపికను మాత్రం మార్చడానికి వీలులేదు. మార్చాలంటే మళ్ళీ మొదటినుంచి కొత్త ప్రకటన కట్టుకోవలసిందే.

అడిగినదే తెస్తాడు

ఈ ఎంపిక ఏదో అలంకారానికి పెట్టిన పేరనుకుని, చాలామంది చేతికి దొరికినదాన్ని నొక్కేస్తారు. కాని యంత్రం పనిచేసేదంతా దాన్నిబట్టే. ప్రకటన చూపే ప్రతి చోటికీ లోపల ఒక వేలంపాట జరుగుతుంది. ఆ పాటలో మనం పెట్టే డబ్బు ఒక్కటే లెక్కకు రాదు. ఈ మనిషి మనం కోరిన పని చేసే అవకాశం ఎంత ఉన్నదన్న అంచనా కూడా కలుస్తుంది, ప్రకటన నాణ్యం కూడా కలుస్తుంది. మనం కోరినది క్లిక్కు అయితే, ఊరికే క్లిక్కులు నొక్కే అలవాటున్నవారిని వెతికి, వారికి చూపిస్తుంది. కోరినది కబురు అయితే, అంగళ్ళకు కబుర్లు పెట్టే అలవాటున్నవారిని వెతుకుతుంది. కోరినది ఫారం అయితే, అడిగిన ఫారమల్లా నింపేవారిని పట్టుకువస్తుంది.

తీర్థంలో అంగడి పెట్టి, ఒక కుర్రవాణ్ణి పిలిచి, ‘నలుగురు మనుషులను పోగుచెయ్యరా’ అంటే వాడు ఏం చేస్తాడు? రంగులరాట్నం దగ్గర ఊరికే నిలబడ్డ పిల్లలను తోలుకువస్తాడు. వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. వాడు నలుగురిని తెచ్చాడు, అదీ చవకగా తెచ్చాడు. ‘చీరల బేరం ఆడేవాళ్ళను తీసుకురా’ అని ఉంటే, పదిమంది బదులు ఒక్కరినే తెచ్చేవాడు. ఒక్కొక్క మనిషికి కూలీ ఎక్కువ పడేది. వాడు అడిగినదే తెస్తాడు గాని, మన మనసులో ఉన్నది తేడు.

మంగళగిరి చీరల లెక్క

మా కళాశాలలో చదువుకున్న ఒక అమ్మాయి పెళ్ళయి గుంటూరులో కాపురం ఉంటున్నది. మంగళగిరి నేతగాళ్ళ వద్ద చీరలు కొని, ఫొటోలు తీసి, పరిచయస్తులకు అమ్మడం మొదలుపెట్టింది. పరిచయస్తులంతా తలా రెండు చీరలు కొన్నాక బేరం ఆగింది. ప్రకటన వేద్దామన్నది ఆమె ఆలోచన. పన్నెండువేలు పెట్టుబడి ఇచ్చినది అత్తగారు. బ్యాంకులో వేసుకున్న సొమ్ముకు వచ్చిన వడ్డీ కూడబెట్టి ఉంచుకున్నదావిడ.

చీర అమ్మకం ధర 2,200 రూపాయలు. నేతగాడికి ఇచ్చేది, కొరియరు, అట్టపెట్టె, అన్నీ పోగా చీర ఒక్కింటికి 450 రూపాయలు మిగులుతుంది. ఈ 450 అన్న అంకెను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. ఇక ముందు జరిగే కథంతా దీనిచుట్టూనే తిరుగుతుంది.

మొదట ఆమె ట్రాఫిక్ ఎంచుకున్నది. రోజుకు మూడు వందల చొప్పున పదిరోజులకు మూడువేలు. రెండువేల క్లిక్కులు వచ్చాయి. ఒక్కొక్క క్లిక్కు రూపాయిన్నర! ఆ సాయంత్రమే నాకు ఫోను చేసింది.

“మాస్టారూ, రూపాయిన్నరకు ఒక మనిషి వస్తున్నాడండీ. ఇంతకన్న చవక ఎక్కడుంది?” అన్నది.

“బాగానే ఉందమ్మా. చీరలెన్ని పోయాయి?” అన్నాను.

“రెండు,” అన్నది, కాస్త ఆగి. “అత్తయ్యగారు కూడా అదే అడుగుతున్నారండీ.”

రెండువేల క్లిక్కులలో పేజీ నిజంగా తెరుచుకునేదాకా ఆగినవారు 1,150 మంది. తక్కినవారు వేలు తగిలి నొక్కినవారో, పేజీ రావడం ఆలస్యమై వెనక్కి పోయినవారో. ఈ రెండు అంకెల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే, పేజీ బరువుగా ఉన్నదనైనా అనుకోవాలి, వచ్చినవారికి చూడాలన్న కోరిక లేదనైనా అనుకోవాలి. ట్రాఫిక్‌లోనే క్లిక్కులు కాకుండా, పేజీ తెరుచుకున్న లెక్కనే ఫలితంగా కోరే వీలున్నది. దానికి మెటావారి చిన్న కోడ్ ముక్క పేజీలో పెట్టుకోవాలి. అలా చేస్తే ఈ ఎడం తగ్గుతుంది. కాని పేజీ తెరిచినవాడు కూడా కొనేవాడు కాడు, చూసేవాడు మాత్రమే.

రెండవసారి అవే ఫొటోలు, అవే ఊళ్ళు, అదే మూడువేలు పెట్టి వాట్సాప్ కబుర్లు కోరింది. 120 సంభాషణలు వచ్చాయి. ఒక్కొక్కటి 25 రూపాయలు. ఆ అంకె చూసి ఇంట్లో అందరికీ గుండె గుభేలుమన్నది. రూపాయిన్నర ఎక్కడ, పాతిక ఎక్కడ! అందులోనూ నలభైమంది మీట నొక్కితే దానంతటదే వచ్చే పలకరింపు ఒక్కటి పంపి, తరువాత నోరు విప్పలేదు. తక్కినవారు ధర అడిగారు, అంచు దగ్గరగా చూపించమన్నారు, రంగు వెలుస్తుందా అని అడిగారు. తొమ్మిదిమంది కొన్నారు.

మూడవసారి ఫారం పెట్టింది. 75 ఫారాలు వచ్చాయి, ఒక్కొక్కటి నలభై రూపాయలు. ఆమె ఓపికగా అందరికీ ఫోను చేసింది. కొందరు ఎత్తలేదు, కొన్ని నంబర్లు పనిచేయడం లేదు, చాలామంది ‘ఏ ఫారమండీ?’ అని అడిగారు. వారు అబద్ధం ఆడలేదు. ఆ ఫారంలో పేరూ నంబరూ వారి ఖాతానుంచి ముందే నిండి కనిపిస్తాయి. రెండు నొక్కులు నొక్కి మరిచిపోయారు. ఎప్పుడో మార్చేసిన పాత నంబరు ఖాతాలో ఉంటే అదే వస్తుంది. చివరకు ఐదుగురు కొన్నారు.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. తెరమీద Cost per result అన్న గడిలో కనిపించినవి రూపాయిన్నర, పాతిక, నలభై. కాని చీర ఒక్కింటికి పడిన ఖర్చు చూస్తే, ట్రాఫిక్‌కు 1,500, కబుర్లకు 333, ఫారాలకు 600. అన్నిటికన్న చవక అని మురిసిపోయినదే అన్నిటికన్న ఖరీదైనది! క్లిక్కు, కబురు, ఫారం మూడూ వేర్వేరు సరుకులు. ‘ఫలితం’ అని ఒకే పేరు పెట్టినంత మాత్రాన, వాటి ధరలను పోల్చడం, శేరు ఉప్పు ధరతో తులం బంగారం ధరను పోల్చినట్లే.

ఇక్కడ ఇంకొక చిల్లర లెక్క ఉన్నది. అది చిల్లరగా కనిపించినా జేబును కోస్తుంది. మన దేశంలో ఈ ప్రకటనల ఖర్చుమీద 18 శాతం జి.యస్.టి. పడుతుంది. తెరమీది అంకెలలో అది కలిసి ఉండదు. మూడువేలు ఖర్చని కనిపిస్తే, చేతినుంచి పోయేది 3,540. అంటే కబుర్ల పద్ధతిలో చీరకు పడినది 333 కాదు, 393. తొమ్మిది చీరలమీద వచ్చిన 4,050లో ప్రకటన ఖర్చు పోగా మిగిలినది 510 రూపాయలు. గొప్ప లాభం కాదు. తక్కిన రెండింటిలోనూ వచ్చినది నష్టమే.

ఇంకొక మాట ఉన్నదున్నట్లు చెప్పాలి. రెండు చీరలకూ తొమ్మిది చీరలకూ ఉన్న తేడాను నమ్మవచ్చు. ఐదుకూ తొమ్మిదికీ ఉన్న తేడా మాత్రం కొంత అదృష్టం వలన కూడా వచ్చి ఉండవచ్చు. ఇంత చిన్న అంకెలతో ఇంతకన్న గట్టిగా తీర్పు చెప్పరాదు. కాని ఆమె ఫోన్లమీద గడిపిన మధ్యాహ్నాలను కూడా లెక్కలో వేసుకుని, కబుర్లనే కొనసాగించింది. అది తెలివైన పనే.

ఎంతవరకు భరించవచ్చు?

పాతిక రూపాయలు ఎక్కువా, తక్కువా? ఈ ప్రశ్నకు జవాబు పక్కవాడి ప్రకటనలో దొరకదు. ‘మా బావగారికి పదిహేనుకే వస్తున్నది’ అని ఎవరైనా అంటే, వారి సరుకు వేరు, మిగులు వేరు. జవాబు మన చీరలోనే ఉన్నది.

120 మంది కబురు పెడితే తొమ్మిదిమంది కొన్నారు; అంటే నూటికి ఏడున్నర. చీరకు మిగులు 450. అందులో ఏడున్నర శాతం 33 రూపాయల 75 పైసలు. ఒక్కొక్క కబురు మనకు విలువచేసేది అంతే. పన్ను బయట ఉన్నది గనుక దీనిని 1.18తో భాగిస్తే, సుమారు 28 రూపాయల 60 పైసలు వస్తుంది. తెరమీద కనిపించే ధర అంతకు లోపల ఉన్నంతకాలం లాభం, దాటితే నష్టం. ఆమె ఈ అంకెను వంటింటి క్యాలెండరు మూల రాసిపెట్టుకున్నది. పాతిక అంటే గుండె గుభేలుమనడం ఆ రోజుతో పోయింది.

అయితే ఈ హద్దు శిలాశాసనం కాదు. దసరా ముందు కబురు ధర ఒక్కసారిగా 36 రూపాయలకు ఎక్కింది. పండుగల ముందు అందరూ ప్రకటనలు వేస్తారు. వేలంపాటలో పోటీ పెరిగితే ధర పెరుగుతుంది. హద్దు దాటింది గదా అని ఆపేయబోయింది. కాని ఆ రోజులలో నూరుమంది అడిగితే పన్నెండుమంది కొంటున్నారు. పన్నెండు శాతం లెక్కన హద్దు కూడా సుమారు 46కు పెరిగింది. అంటే 36 పెట్టినా లాభమే. నూరు కబుర్లకు పన్నుతో సహా 4,248 పోయి, 5,400 వచ్చింది.

దీపావళి తరువాత దీనికి ఎదురు జరిగింది. చీరతో జాకెట్టు ముక్క ఉచితమని బొమ్మమీద పెద్ద అక్షరాలతో వేయించింది. కబురు 18 రూపాయలకు దిగింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. తీరా చూస్తే నూరుమందిలో కొన్నవారు ముగ్గురు. తక్కినవారంతా ‘ఉచితం’ అన్న మాట చూసి వచ్చినవారు. నూరు కబుర్లకు పోయినది 2,124, వచ్చినది 1,350. జాకెట్టు ముక్క ఖరీదు ఇంకా దీనిలో కలపనేలేదు. ధర పెరిగిన నెలలో లాభం, తగ్గిన నెలలో నష్టం. ఒక్క అంకెను చూసి మురిసినా బెదిరినా జరిగేది ఇదే.

అందుచేత ఎప్పుడూ రెండు అంకెలు చూడాలి: కబురుకు పడే ధర, నూటికి కొన్నవారి సంఖ్య. ధర పెరిగి, కొనేవారి శాతం అలాగే ఉంటే లోపం ప్రకటనలో ఉన్నది; అదే బొమ్మను అవే కళ్ళు పదేపదే చూసి విసిగి ఉంటాయి, బొమ్మ మార్చాలి. ధర అలాగే ఉండి, కొనేవారు తగ్గితే లోపం ప్రకటన తరువాత ఉన్నది. జవాబు ఆలస్యమవుతున్నదేమో, చీరల ధరలు చెప్పగానే జారుకుంటున్నారేమో చూసుకోవాలి. పొద్దున అడిగిన మనిషికి రాత్రి జవాబిస్తే, ఆమె అప్పటికి వేరొకచోట కొని ఉంటుంది.

ఈ లెక్కలో ఒక మోసం లేని పొరపాటు కూడా దాగి ఉన్నది. ఏడురోజులు మాట లేకుండా ఉన్న పాత ఖాతాదారు ప్రకటన చూసి మళ్ళీ పలకరిస్తే, యంత్రం దానిని కొత్త సంభాషణగానే లెక్కిస్తుంది. పాతవారు మళ్ళీ రావడం మంచిదే. కాని కొత్తవారు ఎందరో తెలియాలంటే మన పుస్తకం మనం రాసుకోవలసిందే.

ఏకంగా అమ్మకాలనే అడిగితే?

‘ఇన్ని తిప్పలెందుకు, Sales అని ఉన్నది గదా, అదే నొక్కితే సరి’ అని చురుకైనవారు అడుగుతారు. మంచి ప్రశ్న. ఎవరు మన కోరిక తీరుస్తారో నేర్చుకోవడానికి యంత్రానికి కొన్ని ఉదాహరణలు కావాలి. వారంలో సుమారు యాభై ఫలితాలు వస్తే గాని దాని చేయి కుదరదని మెటావారే చెబుతారు. అంతవరకు ధర ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు దిగుతుంది. కబురు పాతిక రూపాయలైతే యాభై కబుర్లకు 1,250. మన అమ్మాయి వారానికి 2,100 పెడుతున్నది గనుక సరిపోతుంది. అదే చీర అమ్మకాలే కావాలంటే, చీరకు 333 చొప్పున యాభైకి 16,650, అదీ ఒక్క వారానికి. పైగా వాట్సాప్‌లో బేరమాడి, ఫోనులో డబ్బు పుచ్చుకుంటే, అమ్మకం జరిగిన సంగతి యంత్రానికి తెలిసేదెలా? డబ్బు చెల్లింపుతో సహా సొంత వెబ్ అంగడి ఉండి, ప్రతి అమ్మకమూ అక్కడ నమోదయ్యేవారికి Sales సరైనది. తక్కినవారు, అమ్మకానికి దగ్గరగా ఉండి, వారానికి యాభై కొనగల మెట్టు ఏదో చూసుకుని దానినే అడగాలి.

యంత్రానికి నేర్చుకునే వ్యవధి ఇవ్వాలన్నది కూడా ఇందువల్లనే. మొదటిరోజు ధర చూసి రాత్రికి రాత్రి ఊళ్ళు మార్చి, బొమ్మ మార్చితే, అది పలక తుడిచి మళ్ళీ ఓనమాలు మొదలుపెడుతుంది. వారంపాటు చేతులు కట్టుకోవడం ఈ విద్యలో కష్టమైన పాఠం.

ఇంతమాత్రాన ఫారాలు పనికిమాలినవనీ, ట్రాఫిక్ దండగనీ అనుకోకూడదు. ఇంట్లో వీణ నేర్పే ఒక ఆమె ఉన్నదనుకోండి. ఏడాదికి ఒక పిల్ల చేరితే పదివేలు ఫీజు. వీణ పాఠం, ఫొటో చూసి అక్కడికక్కడే కొనే చీర వంటిది కాదు. తల్లిదండ్రులు వేళలు కనుక్కుని, నాలుగురోజులు ఆలోచించి, ఒకసారి మాట్లాడి గాని పంపరు. అక్కడ ఫోన్ నంబరే అసలు సరుకు. 75 ఫారాలలో ఐదుగురు పిల్లలు చేరితే, ఒక్కొక్కరికి పన్నుతో పడే 708 రూపాయలు ఆమెకు చవక. చీరలమ్మాయికి నష్టం తెచ్చిన అదే నలభై రూపాయల ఫారం, వీణమ్మకు లాభం తెస్తుంది. ఫారం పంపేముందు నింపినదాన్ని ఒకసారి సరిచూసుకునే మెట్టు అదనంగా పెట్టే ఏర్పాటు ఉన్నది. తెరమీద దాని పేరు Higher intent. దానితో ఫారాలు తగ్గుతాయి, ధర పెరుగుతుంది, ‘ఏ ఫారమండీ’ అనేవారు కూడా తగ్గుతారు. ఇక ట్రాఫిక్, పేజీ చదివితేనే పని పూర్తయ్యేవారికి తగినది. వ్యాసాలు చదివించదలచినవారికీ, ఊళ్ళో ప్రదర్శన తేదీలు తెలియజేయదలచినవారికీ ఆ రూపాయిన్నర నిజంగానే చవక.

గుంటూరు అమ్మాయి ఇప్పుడు ఒక పొడుగు పుస్తకం పెట్టుకున్నది. ప్రతి ఆదివారం అందులో నాలుగే గడులు నింపుతుంది: పన్నుతో సహా ఖర్చు, వచ్చిన కబుర్లు, అమ్మిన చీరలు, చీరకు పడిన ప్రకటన ఖర్చు. మొదటి రెండు అంకెలు తెర చెబుతుంది, పన్ను తాను కలుపుతుంది, చివరి రెండూ తన చేతి లెక్క. నాలుగవ గడిలో అంకె 450 దాటిన ఆదివారం, అత్తగారు అడగకముందే ప్రకటన ఆపుతుంది.